ప్యాకెట్ ఫొటోలో నకిలీని పట్టేదెలా? విత్తనాలు, పురుగుమందుల లేబుల్, సీలు, బ్యాచ్ వివరాలపై రైతులకు మార్గదర్శి

తొలకరికి ముందు రెండు మూడు వారాలు గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో విత్తన ప్యాకెట్ల ఫొటోలు జోరుగా తిరుగుతాయి. పంటకు పురుగు పట్టిన రోజుల్లో మందు సీసాల ఫొటోలు వాటి స్థానంలోకి వస్తాయి. ఇది అసలుదేనా, కొనవచ్చా అన్నదే ఆ ఫొటోలన్నింటి వెనుక ఉండే ప్రశ్న. ఫొటో ఈ ప్రశ్నకు సగం సమాధానమే ఇవ్వగలదు. ప్యాకెట్‌పై ఉండాల్సినది లేకపోయినా, ఉన్న వివరాలు ఒకదానితో ఒకటి పొసగకపోయినా అది తేడా సరుకని ఫొటో చూసి చెప్పవచ్చు. అన్నీ సరిగ్గా కనిపించినంత మాత్రాన లోపలి సరుకు అసలైనదని మాత్రం చెప్పలేం. సీసాలో మందు శాతం ఎంతుందో, గింజ ఏ రకానిదో తేల్చేది ప్రయోగశాలే.

అందుకే ఫొటోను అనుమానించడానికి, ఆధారంగా భద్రపరచుకోవడానికి వాడుకోవాలి. నమ్మడానికి వాడుకోకూడదు.

మూడు మాటల మధ్య తేడా కూడా తెలిసి ఉండాలి. ఒక కంపెనీ పేరును, ప్యాకెట్ రూపాన్ని దొంగిలించి మరొకరు అమ్మేది నకిలీ. కంపెనీ తయారు చేసినదే అయినా ప్రమాణాలకు తగ్గట్టు లేనిది నాసిరకం. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం లేబుల్‌పై తప్పుడు వివరాలున్నా, రిజిస్ట్రేషన్ నంబరు వంటి తప్పనిసరి వివరం లేకపోయినా ఆ మందు ‘మిస్‌బ్రాండెడ్’. ఫొటోలో మొదటి రకం, మూడో రకం దొరుకుతాయి. రెండోది దొరకదు.

ఫొటో ఎలా తీయాలి?

ప్యాకెట్ ముందు వైపు మాత్రమే తీసిన ఫొటో దాదాపు నిరుపయోగం. నకిలీ చేసేవారు ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఆ వైపే. కంపెనీ గుర్తు, పంట బొమ్మ, రంగులు అన్నీ అక్కడ బాగానే ఉంటాయి. తప్పులు వెనుక వైపు చిన్న అక్షరాల్లో, తేదీలు అచ్చు వేసిన చోట, అతుకుల దగ్గర బయటపడతాయి. కాబట్టి ముందు వైపు, వెనుక వైపు పూర్తిగా కనిపించేలా ఒక్కొక్కటి, లేబుల్‌పై వివరాలను చదవగలిగేంత దగ్గరగా ఒకటి, బ్యాచ్ లేదా లాట్ నంబరు, తేదీలు ఉన్న చోట ఒకటి, పై అతుకును లేదా మూతను ఒకటి, క్యూఆర్ కోడ్‌ను ఒకటి, చివరగా బిల్లును ఒకటి తీసుకోవాలి. ఇదంతా ప్యాకెట్ తెరవక ముందే జరగాలి.

మెరిసే ప్లాస్టిక్ ప్యాకెట్‌పై ఫ్లాష్ వేస్తే సరిగ్గా అంకెల మీదే తెల్లటి మచ్చ పడుతుంది. ఉదయం ఎండలో ప్యాకెట్‌ను కొంచెం వాల్చి, వెలుతురు పక్క నుంచి పడేలా తీస్తే మంచిది. పక్క వెలుతురుతో మరో ప్రయోజనం ఉంది. పాత తేదీని ద్రావకంతో తుడిచి కొత్తది వేసిన చోట పైపూత మెరుపు మారిపోతుంది. ఎదురుగా చూస్తే తెలియని ఆ మరక పక్క వెలుతురులో తెలుస్తుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, తీసిన తేదీ వంటి అంతర్గత వివరాలు కూడా పోతాయి. అధికారికి పంపేటప్పుడు డాక్యుమెంట్ రూపంలో పంపడం, అసలు ఫొటోను ఫోన్‌లోంచి తొలగించకుండా ఉంచడం అవసరం.

విత్తన లేబుల్: ముందు రంగు, తర్వాత తేదీ

విత్తనాల లేబుల్ రంగే మొదటి ఆధారం. బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు, ఫౌండేషన్ విత్తనానికి తెలుపు, ధ్రువీకరణ పొందిన సర్టిఫైడ్ విత్తనానికి నీలం రంగు ట్యాగు ఉంటాయి. కంపెనీ తన సొంత బాధ్యతపై వివరాలు ప్రకటించి అమ్మే ట్రూత్‌ఫుల్ లేబుల్ విత్తనానికి లేత ఆకుపచ్చ లేబుల్ ఉంటుంది. మార్కెట్లో దొరికే ప్రైవేటు హైబ్రిడ్ విత్తనాల్లో అధిక భాగం ఈ ఆకుపచ్చ లేబుల్‌వే. అందువల్ల ఆకుపచ్చ లేబుల్ చూసి అనుమానపడనక్కర్లేదు. ముందు వైపు ‘సర్టిఫైడ్’ అని పెద్దగా రాసి, వెనుక ఆకుపచ్చ లేబుల్ అంటించి ఉంటే మాత్రం ఆ రెండింటిలో ఒకటి అబద్ధం. నీలం ట్యాగును జారీ చేసేది రాష్ట్ర విత్తన ధ్రువీకరణ సంస్థ. ఆ సంస్థ పేరు గానీ ముద్ర గానీ లేని నీలం కాగితం ఉత్త కాగితమే.

లేబుల్‌పై పంట పేరు, రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ, చెల్లుబాటు తేదీ, మొలక శాతం, భౌతిక స్వచ్ఛత, జన్యు స్వచ్ఛత, నికర బరువు, ఉత్పత్తిదారు పేరు, చిరునామా ఉండాలి. పత్తి హైబ్రిడ్‌కు కనీస మొలక శాతం 75. భౌతిక స్వచ్ఛత 98 శాతానికి తగ్గకూడదు. మొలక శాతం దగ్గర ఖాళీ వదిలినా, ‘అత్యుత్తమం’ వంటి మాటలు రాసినా అది లేబుల్ కాదు, ప్రకటన. మందు పట్టించిన విత్తనమైతే ఏ మందు పట్టించారో, దాన్ని ఆహారానికి, దాణాకు, నూనెకు వాడరాదని హెచ్చరిక ఉండి తీరాలి. జిన్నింగ్ మిల్లుల నుంచి తెచ్చిన గింజలకు రంగు పూసి, శుద్ధి చేసిన విత్తనంగా అమ్మేవారు తరచుగా మరచిపోయే వాక్యం ఇదే. గింజ ఎర్రగానో నీలంగానో మెరుస్తూ, ప్యాకెట్‌పై ఏ మందు పేరూ లేకపోతే అది కేవలం రంగే అయి ఉండవచ్చు.

పత్తి విషయంలో మరొకటి గమనించాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని పత్తి ప్రాంతాల్లో ‘బీజీ-3’, ‘గడ్డి మందు తట్టుకునే పత్తి’ అనే పేర్లతో ప్యాకెట్లు, లూజు గింజలు తిరుగుతుంటాయి. కలుపు మందును తట్టుకునే పత్తికి దేశంలో వాణిజ్య సాగు అనుమతి లేదు. బీజీ-1, బీజీ-2లకు అనుమతి ఉంది. కాబట్టి ‘బీజీ-3’ అన్న మాట ఫొటోలో కనిపించగానే మిగతా వివరాలు చూడాల్సిన పని ఉండదు. అలాంటి ప్యాకెట్ కొన్న రైతుకు బిల్లు ఉండదు, పంట పోతే అడిగే దిక్కూ ఉండదు. బీటీ పత్తి ధరను ఏటా కేంద్రమే నిర్ణయిస్తుంది. 2025-26లో 475 గ్రాముల బీజీ-2 ప్యాకెట్‌కు గరిష్ఠ ధర 901 రూపాయలుగా ఉండేది. ఆ ఏటికి నిర్ణయించిన ధరకు మించిన ఎంఆర్‌పీ అచ్చువేసి ఉన్నా అనుమానించాల్సిందే. మరీ చవకగా ఇస్తామన్నా అంతే.

ఒక ప్యాకెట్‌ను చదివి చూస్తే

పద్ధతి అర్థం కావడానికి ఒక ఉదాహరణను తీసుకోవచ్చు. జూన్ మొదటి వారంలో ఒక రైతు తెలిసిన మధ్యవర్తి ద్వారా ఆరు పత్తి ప్యాకెట్లు తెచ్చుకున్నాడనుకుందాం. ప్యాకెట్ పేరున్న కంపెనీదే. ముందు వైపు లోపమేమీ లేదు. వెనుక వైపు ఫొటోలో పరీక్ష తేదీ 05-03-2025, చెల్లుబాటు తేదీ 04-03-2026 అని ఉన్నాయి.

విత్తనానికి తొలి చెల్లుబాటు సాధారణంగా పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు. ఆ లెక్కన ఇక్కడ గడువు 04-12-2025తో ముగియాలి. లేబుల్‌పై పూర్తి ఏడాది ఇచ్చారు. మళ్లీ పరీక్షించి గడువు పొడిగించిన విత్తనమైతే రెండో పరీక్ష తేదీ కూడా కనిపించాలి. ఇక్కడ అది లేదు. మందు సీసాల మీద చూసి అలవాటైన గడువును విత్తనం ప్యాకెట్‌పై వేసినట్టుంది. అచ్చు వేసినవారికి విత్తన వ్యాపారం తెలియదనడానికి ఇదొక సూచన. నిజమైన కంపెనీలో ఇలాంటి పొరపాటు జరగదని కాదు గానీ, ఇది తొలి ప్రశ్నార్థకం.

రెండోది అంకెల అచ్చు. ప్యాకెట్ సంచులను కంపెనీలు ముందుగానే పెద్ద సంఖ్యలో ముద్రించి ఉంచుకుంటాయి. లాట్ నంబరు, తేదీలు ఏ లాట్‌కు ఆ లాట్ మారతాయి గనుక వాటిని ప్యాకింగ్ సమయంలో విడిగా వేస్తారు. దగ్గరగా తీసిన ఫొటోలో అవి చిన్న చిన్న చుక్కలతో ఏర్పడిన అంకెల్లా, మిగతా అక్షరాలకు భిన్నంగా, ఒక్కోసారి కొంచెం వంకరగా కనిపిస్తాయి. ఈ రైతు ఫొటోలో లాట్ నంబరు, తేదీలు కూడా చిరునామా ఉన్న సిరాతోనే, అదే నునుపుతో ఉన్నాయి. ఆరు ప్యాకెట్ల మీదా వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట ఉన్నాయి. ఏదో అసలు ప్యాకెట్‌ను లాట్ నంబరుతో సహా స్కాన్ చేసి ముద్రించారన్న అనుమానానికి ఇది బలమైన కారణం. లేబుళ్లను వివరాలతో సహా ఒకేసారి అచ్చు వేయించే చిన్న సంస్థలూ ఉంటాయి. కాబట్టి ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. అదే కంపెనీ ప్యాకెట్‌ను లైసెన్సు ఉన్న డీలరు వద్ద చూసి పోల్చుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆరు ప్యాకెట్లకు ఒకే లాట్ నంబరు ఉండటం తప్పు కాదు. లాట్ అంటే ఒకేసారి శుద్ధి చేసి పరీక్షించిన మొత్తం విత్తన రాశి. దానిలోంచి వేల ప్యాకెట్లు వస్తాయి. అనుమానించాల్సింది ప్యాకెట్‌కొక్కటిగా ఉండాల్సిన వరుస సంఖ్య అన్నింటి మీదా ఒకటే ఉన్నప్పుడు. కంపెనీ ప్రతి ప్యాకెట్‌కు విడి క్యూఆర్ కోడ్ ఇస్తుంటే, రెండు ప్యాకెట్లను స్కాన్ చేస్తే రెండు వేర్వేరు సంఖ్యలు రావాలి. ఈ రైతు ప్యాకెట్లలో ఆరింటికీ ఒకటే వచ్చింది.

మూడోది బిల్లు. మధ్యవర్తి ఇచ్చిన చీటీపై మొత్తం సొమ్ము తప్ప లాట్ నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు. 1983 విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కొనుగోలుదారుకు బిల్లు ఇవ్వడం డీలరు బాధ్యత. రకం పేరు, లాట్ నంబరు రాసిన బిల్లు లేకపోతే ఆ ప్యాకెట్ ఆ దుకాణం నుంచే వచ్చిందని తర్వాత రుజువు చేయడం చాలా కష్టం. ఈ రైతు చేయగలిగిన తెలివైన పని ఒకటే: ప్యాకెట్లను తెరవకుండా ఉంచి, ఫొటోలతో మండల వ్యవసాయ అధికారి వద్దకు వెళ్లడం.

పురుగుమందు సీసా: వాలిన చతురస్రం

పురుగుమందుల లేబుల్‌పై అందరికీ కనిపించే గుర్తు ఒక మూల మీద నిలబెట్టినట్టున్న చతురస్రం. 1971 నిబంధనల ప్రకారం అది లేబుల్ ముఖభాగంలో కనీసం పదహారో వంతు ఉండాలి. దాని కింది సగంలోని రంగు విషతీవ్రతను చెబుతుంది. ఎరుపు అత్యంత తీవ్రం, పసుపు ఎక్కువ, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ఎరుపు గుర్తు పై సగంలో పుర్రె, ఎముకల బొమ్మతో పాటు ‘విషం’ అన్న మాట ఎర్రగా ఉండాలి. పసుపు గుర్తులో ‘విషం’ అన్న మాట ఉంటుంది, పుర్రె ఉండదు. నీలానికి ‘ప్రమాదం’, ఆకుపచ్చకు ‘జాగ్రత్త’ అన్న మాటలు వస్తాయి.

ఈ రంగు అలంకారం కాదు, మందును బట్టి నిర్ణయమవుతుంది. ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్‌కు ఎరుపు, క్వినాల్‌ఫాస్‌కు పసుపు, మలాథియాన్‌కు నీలం, మాంకోజెబ్‌కు ఆకుపచ్చ. క్వినాల్‌ఫాస్ అని రాసి ఆకుపచ్చ గుర్తు వేసిన సీసా ఫొటోలో కనిపిస్తే, రాసినవారికి ఆ మందు గురించి తెలియదని అర్థం. రంగుకూ దాని పక్కన ఉన్న మాటకూ పొంతన ఉందా లేదా అన్నది ఏ మందు పేరూ తెలియని రైతు కూడా చూడగలడు.

గుర్తు తర్వాత చూడాల్సింది రిజిస్ట్రేషన్ నంబరు. దేశంలో అమ్మే ప్రతి పురుగుమందు, తెగులు మందు, కలుపు మందు కేంద్ర క్రిమిసంహారక మండలి, రిజిస్ట్రేషన్ కమిటీ వద్ద నమోదై ఉండాలి. లేబుల్‌పై ఆ నంబరు సాధారణంగా సీఐఆర్ అనే అక్షరాలతో మొదలవుతుంది. చాలా నంబర్లలో మందు సాంకేతిక నామం, దాని రూపం కూడా కలిసే ఉంటాయి. ఇమిడాక్లోప్రిడ్ ఎస్‌ఎల్ అని నంబరులో ఉండి, సీసాపై వేరే మందు పేరు ఉంటే ఆ నంబరు మరో ఉత్పత్తి నుంచి తెచ్చి అతికించినదే. నమోదైన మందుల జాబితాలు మొక్కల సంరక్షణ డైరెక్టరేట్ వెబ్‌సైట్ ppqs.gov.in లో ఉంటాయి. తయారీ లైసెన్సు నంబరు, మందు శాతం, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, విరుగుడు వివరాలు కూడా లేబుల్‌పై ఉండి తీరాలి.

‘బయో’ అన్న పేరుతో వచ్చే సీసాల విషయంలో ఈ నంబరే అసలు పరీక్ష. మొక్కల పెరుగుదలకు తోడ్పడే జీవ ఉత్ప్రేరకాలు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు వస్తాయి. పురుగును చంపుతాం, తెగులును ఆపుతాం అని చెప్పుకునే హక్కు వాటికి లేదు. సీసాపై కాయ తొలిచే పురుగు బొమ్మ వేసి, తామర పురుగుకు దివ్యౌషధమని రాసి, రిజిస్ట్రేషన్ నంబరు స్థానంలో ‘సేంద్రియం, నమోదు అవసరం లేదు’ అని ఉంటే ఆ వాక్యమే దాని నేరాంగీకారం. ఇలాంటివాటిలో కొన్నింటిలో రసాయన మందునే ప్రకటించకుండా కలుపుతారు. పురుగు చస్తుంది గనుక రైతు సంతృప్తి పడతాడు. కానీ లోపల ఏ మందు ఎంత ఉందో తెలియదు. పిచికారీ చేసినవారికి విషప్రభావం తగిలితే ఏ విరుగుడు ఇవ్వాలో వైద్యుడికీ తెలియదు.

సీలు చెప్పే సంగతి

మందు సీసాల నకిలీలో తరచు కనిపించే పద్ధతి ఖాళీ సీసాను మళ్లీ నింపడం. పాత సామాను వాళ్లు కొన్న ఖాళీ సీసాపై లేబుల్ అసలుదే, నంబర్లూ అసలువే. అందుకే ఇక్కడ లేబుల్ ఫొటో పనికిరాదు, మూతనే చూడాలి. కొత్త సీసా మూత కింద చిన్న ప్లాస్టిక్ రింగు మూతకు సన్నటి పోగులతో అతుక్కుని ఉంటుంది. మొదటిసారి తిప్పగానే ఆ పోగులు తెగుతాయి. తెగిన పోగులు, రింగుపై గోరుతో పీకినట్టున్న గాట్లు, సీసా మెడ చుట్టూ పాత గీతలు దగ్గరి ఫొటోలో తెలుస్తాయి.

మూత తీశాక కనిపించే అల్యూమినియం రేకును కర్మాగారంలో వేడితో అతికిస్తారు. అంచు మొత్తం సమంగా అంటుకుని, తీస్తే సీసా మూతి మీద సన్నటి వలయం మిగులుతుంది. జిగురుతో అంటించిన రేకు అంచుల్లో ముడతలుంటాయి, జిగురు బయటికి ఉబుకుతుంది, ఒక చోట పట్టి మరో చోట వదులుగా ఉంటుంది. పక్కపక్కన పెట్టిన రెండు సీసాల్లో ద్రవం మట్టం వేర్వేరుగా ఉన్నా ప్రశ్నించాలి. ఒకే యంత్రం నింపినవాటిలో ఆ తేడా సాధారణంగా కనిపించదు.

విత్తనాల సంచికి పై అతుకే సీలు. యంత్రం వేసిన అతుకు గీతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వెడల్పుతో తిన్నగా సాగుతాయి. ఒకసారి విప్పి మళ్లీ అతికిస్తే రెండు రకాల గీతలు ఒకదానిపై ఒకటి పడతాయి, లేదా పాత అతుకును కత్తిరించినందున సంచి ఒక వైపు పొట్టిదై పై అక్షరాలు సగం తెగుతాయి. కొత్త ప్యాకెట్ పక్కన పెట్టి ఒకే ఫొటోలో తీస్తే ఈ పొడవు తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ధరపై గానీ గడువుపై గానీ స్టిక్కర్ ఉంటే దాని కింద ఏముందో చూడాలి. ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం ధర తగ్గించినప్పుడే స్టిక్కర్ వేయవచ్చు. అప్పుడు కూడా అసలు ధర కనపడకుండా కప్పకూడదు. గడువు తేదీ మీద స్టిక్కర్‌కు మాత్రం ఏ సాకూ లేదు.

క్యూఆర్ కోడ్ స్కాన్ అయితే చాలదు

క్యూఆర్ కోడ్ పనిచేసిందని సంతృప్తి పడటం మరో పొరపాటు. కోడ్ అంటే ఒక చిరునామాకు దారి మాత్రమే. కంపెనీ సొంత వెబ్‌సైట్‌కు తీసుకెళ్లిందా, ఆ పేజీలో చూపించే ఉత్పత్తి పేరు, బ్యాచ్ నంబరు, గడువు ప్యాకెట్‌పై ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలుస్తున్నాయా అన్నది చూడాలి. ఒక వాట్సాప్ నంబరుకో, ప్రకటన వీడియోకో తీసుకెళ్లే కోడ్ ఏమీ రుజువు చేయదు. ఈ కోడ్ ఇంతకుముందే స్కాన్ అయిందన్న సందేశం వస్తే, ఆ పేజీ ఫొటోను కూడా దాచాలి. విత్తనాల ప్రయాణాన్ని ఉత్పత్తి నుంచి డీలరు దాకా గుర్తించేందుకు కేంద్రం 2023లో ‘సాథీ’ పోర్టల్‌ను ప్రారంభించింది. ఆ వ్యవస్థలో ఉన్న విత్తనాల ట్యాగులపై కోడ్ స్కాన్ చేస్తే లాట్ వివరాలు వస్తాయి.

వాట్సాప్‌లో వచ్చిన ఎవరి ఫొటోనో చూసి ఫలానా కంపెనీ విత్తనం నకిలీదని ముందుకు పంపే ముందు, అందులోని లాట్ నంబరు, తేదీ చదవాలి. మూడేళ్ల కిందటి లాట్ ఫొటో ఈ ఏటి ప్యాకెట్ గురించి ఏమీ చెప్పదు.

అనుమానం వచ్చాక

ప్యాకెట్ గానీ సీసా గానీ తెరిస్తే సగం ఆధారం పోయినట్టే. రైతు తెరిచి తెచ్చిన సీసాలోని మందును పరీక్షించినా, లోపల కలిపింది ఎవరన్న ప్రశ్న మిగులుతుంది. అందువల్ల ఇన్‌స్పెక్టరు హోదా ఉన్న వ్యవసాయ అధికారి డీలరు దుకాణంలో మిగిలిన అదే బ్యాచ్ నుంచి నమూనా తీస్తారు. మందు నమూనాను మూడు భాగాలు చేసి సీలు వేస్తారు. విశ్లేషణ నివేదిక 30 రోజుల్లో రావాలి. బ్యాచ్ నంబరు కనిపించే ఫొటో విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆ నంబరు లేకపోతే దుకాణంలో ఏ పెట్టె నుంచి నమూనా తీయాలో అధికారికి తెలియదు. ఆలస్యమైతే ఆ సరుకు అక్కడ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం, తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారి ద్వారా ఫిర్యాదు మండల అధికారికి చేరుతుంది. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551.

విత్తనం విషయంలో ఇంటి వద్దే చేయగల పరీక్ష ఒకటుంది. లెక్కపెట్టిన 100 గింజలను తడి గోనె సంచిలో వరుసగా పేర్చి చుట్టి, నీడలో తేమ ఆరకుండా ఉంచాలి. పత్తికి నాలుగో రోజున మొదటి లెక్క, 12వ రోజున చివరి లెక్క. రోజుకొక ఫొటో తీయాలి. మొలకలు 75కు రెండు మూడు తగ్గినంత మాత్రాన విత్తనం చెడ్డదని తేల్చలేం. సగం కూడా రాకపోతే విత్తడం ఆపాలి. ఈ పరీక్ష మొలకనే చెబుతుంది, రకాన్ని చెప్పదు. గింజలో బీటీ ప్రొటీన్ ఉందో లేదో తేల్చే పట్టీ పరీక్షలు నిమిషాల్లో ఫలితమిస్తాయి. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ అలాంటి కిట్లను రూపొందించింది. రకం అసలుదేనా అని పొలంలో పెంచి తేల్చే పరీక్షకు మాత్రం దాదాపు ఒక పంటకాలం పడుతుంది.

విత్తనమంతా వేసేశాక నష్టం తెలిసిన రైతులకూ దారి మూసుకుపోలేదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలో, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించవచ్చని తీర్పు చెప్పింది. పరీక్ష కోసం రైతు కొంత విత్తనం దాచి ఉంచాలని ఆశించడం సమంజసం కాదని కూడా పేర్కొంది. ఫిర్యాదుకు గడువు నష్టానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. ఖాళీ ప్యాకెట్లను, బిల్లును ఆ రెండేళ్లూ ఎండ తగలని చోట దాచాలి. థర్మల్ కాగితంపై వచ్చే బిల్లులోని అక్షరాలు కొన్ని నెలల్లోనే చెరిగిపోతాయి గనుక, కొన్న రోజునే దాన్ని ఫొటో తీసి ఉంచుకోవాలి.